క్లినిక్ వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్‌కు రెండు నొక్కుల దారి

ఖమ్మం లాంటి ఊళ్లో ఒక క్లినిక్ ఉందనుకుందాం. జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యం, స్త్రీల వైద్యం, ఎముకలు, పళ్లు, కళ్లు, చర్మం, చెవి-ముక్కు-గొంతు, వీటికి తోడు రక్తపరీక్షలు, స్కానింగ్ చేసే ల్యాబ్. మొత్తం తొమ్మిది సేవలు, పద్నాలుగు మంది డాక్టర్లు. వెబ్‌సైట్ కట్టించేటప్పుడు యాజమాన్యం పెట్టిన షరతు ఒక్కటే: పేషెంట్ రెండు నొక్కుల్లో అపాయింట్‌మెంట్ పేజీకి చేరాలి.

ఈ నొక్కులను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది ముందు తేల్చుకోవాలి. చాలామంది హోమ్ పేజీ నుంచి లెక్కపెడతారు. కానీ మోకాలి నొప్పితో బాధపడే అమ్మ కోసం కొడుకు ఫోన్‌లో వెతికితే, గూగుల్ అతన్ని ఎక్కువగా నేరుగా ఎముకల విభాగం పేజీలోనే దింపుతుంది. అతను హోమ్ పేజీని చూడకపోవచ్చు. అందుకే లెక్క ప్రతి పేజీ నుంచీ సరిపోవాలి. గమ్యం కూడా స్పష్టంగా ఉండాలి. ఖాళీ ఫారం కనిపిస్తే చేరినట్టు కాదు. తనకు కావలసిన విభాగంలో ఏ రోజు ఏ టైమ్ ఖాళీగా ఉందో చూపే పేజీకి వస్తేనే చేరినట్టు.

ఇలా చూస్తే సైట్‌లోని పేజీలు రెండు రకాలుగా విడిపోతాయి. కొన్ని పేజీలకు పేషెంట్ దేనికోసం వచ్చాడో ముందే తెలుసు. ఎముకల విభాగం పేజీ, ఆ విభాగం డాక్టర్ పేజీ, మోకాలి నొప్పి గురించిన పేజీ ఇలాంటివి. వీటిలోని అపాయింట్‌మెంట్ బటన్ ఆ సంగతిని వెంట తీసుకెళ్లాలి. అప్పుడు ఒక్క నొక్కుతో ఖాళీ టైములు కనిపిస్తాయి. హోమ్ పేజీ, ఫీజుల పేజీ, అడ్రస్ పేజీలకు అది తెలియదు. అక్కడ బటన్ నొక్కితే విభాగాల జాబితా వస్తుంది, అందులో ఒకటి నొక్కితే టైములు వస్తాయి. అంటే రెండు నొక్కులు. హోమ్ పేజీలోని ‘ఎముకలు, కీళ్లు’ నొక్కి, ఆ పేజీలోని బటన్ నొక్కినా రెండే. ఏ దారిలో వచ్చినా లెక్క దాటదు.

దీనికి తగిన సైట్ మ్యాప్ ఇలా ఉంటుంది:

```
/
/services/orthopedics
/services/dental
/doctors/doctor-name
/tests
/fees
/contact
/book
/book?dept=orthopedics
```

తొమ్మిది సేవలూ ఒకే మెట్టు మీద ఉన్నాయి. ‘స్పెషాలిటీలు’, ‘సూపర్ స్పెషాలిటీలు’, ‘సెంటర్లు’ అంటూ మధ్యలో ఇంకో మెట్టు పెడితే ఆ మెట్టే ఒక నొక్కును తినేస్తుంది. పైగా పళ్ల డాక్టర్ ఏ గుంపులో ఉంటాడో పేషెంట్‌కు ఎలా తెలుస్తుంది? ఆ విభజన ఆసుపత్రి లోపలి పాలనకు పనికొస్తుంది కానీ బయటి మనిషికి పనికిరాదు. చివరి వరుసలోని `?dept=orthopedics` అన్న ముక్కే బటన్ వెంట వెళ్లే సంగతి. బుకింగ్ పేజీ దాన్ని చదివి ఎముకల విభాగాన్ని తానే ఎంచుకుని తెరుచుకుంటుంది.

అలాగని అన్ని లింకులనూ హోమ్ పేజీలో కుక్కకూడదు. మూడు క్లిక్కులు దాటితే జనం వెళ్లిపోతారన్న పాత సూత్రాన్ని జాషువా పోర్టర్ 2003లో పరీక్షించి చూశాడు. మనుషులు వదిలేసి వెళ్లడానికీ క్లిక్కుల సంఖ్యకూ సంబంధం కనబడలేదు. నలభై లింకుల మధ్య తడుముకునే ఒక్క నొక్కు కంటే సందేహం లేకుండా నొక్కే రెండు నొక్కులే సుఖం. కాబట్టి అసలు శ్రమ పేర్ల మీద పెట్టాలి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటే, రిసెప్షన్‌లో. ఫోన్ చేసినవాళ్లు ఏ మాటలతో అడుగుతున్నారో రెండు వారాలు రాసి పెట్టమంటే చాలు. ‘ఆర్థోపెడిక్స్ ఉందా’ అని అడిగేవాళ్ల కంటే ‘కీళ్ల డాక్టర్ ఎప్పుడుంటారు’ అని అడిగేవాళ్లే ఎక్కువగా తేలతారు. జాబితాలో ‘ఎముకలు, కీళ్లు’, ‘స్త్రీల వైద్యం, కాన్పు’, ‘జ్వరం, షుగర్, బీపీ’ అని రాస్తే వాళ్ల మాట వాళ్లకు కనిపిస్తుంది. జాబితా చివర ‘ఎవరికి చూపించాలో తెలియదు’ అన్న వరుస తప్పక ఉండాలి. అది జనరల్ ఫిజీషియన్ టైములకు తీసుకెళ్లాలి. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం వంటివి అపాయింట్‌మెంట్‌కు ఆగేవి కావు. అందుకని జాబితా పైనే 108కి, క్లినిక్‌కూ ఫోన్ చేసే బటన్లు ఉండాలి.

పేర్లు కుదిరాయో లేదో డిజైన్ మొదలుపెట్టకముందే తెలుసుకోవచ్చు. రంగులూ బొమ్మలూ లేకుండా ఈ పేర్ల జాబితానే కాగితం మీద రాసి, వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి చూపించండి. ‘మీ పాపకు చెవిపోటు వచ్చింది, ఏది నొక్కుతారు?’ అని అడగండి. కొందరు పిల్లల వైద్యం అంటారు, కొందరు చెవి-ముక్కు-గొంతు అంటారు. రెండూ సరైనవే. ఇక్కడే చాలా సైట్లు తప్పుదారి పడతాయి: చెవిపోటు పేజీని రెండు విభాగాల కిందా రెండు కాపీలుగా పెడతాయి. ఒకే విషయం రెండు చిరునామాల్లో ఉంటే గూగుల్ వాటిలో ఒకదాన్ని తానే ఎంచుకుంటుంది. అది మనం కోరుకున్నది కాకపోవచ్చు. ఫీజు మారినప్పుడు ఒక కాపీ మార్చి రెండోది మర్చిపోవడం ఇంకో ప్రమాదం. పేజీకి ఇల్లు ఒకటే ఉండాలి, రెండో విభాగం నుంచి దానికి లింకు ఉంటే చాలు. అయితే చెవిపోటు పేజీలో రెండు బటన్లు పెట్టాలి: ‘పిల్లల డాక్టర్’ ఒకటి, ‘చెవి డాక్టర్’ ఒకటి.

నొక్కుల లెక్క సరిపోయాక కూడా పేషెంట్ ఆగిపోయే చోటు ఒకటుంది. టైములు చూపకముందే లాగిన్ అవ్వమని, ఓటీపీ కొట్టమని అడగడం. ముందు టైము ఎంచుకోనివ్వాలి, పేరూ ఫోన్ నంబరూ ఆ తర్వాత అడగాలి, ఓటీపీ చివర. వారానికి రెండు రోజులే వచ్చే డాక్టరైతే ఈ వారం ఖాళీ లేదని చెప్పి ఊరుకోకుండా, తర్వాతి ఖాళీ తేదీని అదే పేజీలో చూపాలి. బుకింగ్ పేజీ తెరిచినవాళ్లలో ఎందరు టైము ఎంచుకున్నారో విభాగాల వారీగా లెక్క తీస్తే, ఎక్కడ జనం వెనక్కి తిరుగుతున్నారో కనిపిస్తుంది. ఒక్క పళ్ల విభాగంలోనే తగ్గుదల ఉంటే చిక్కు ఆ విభాగం టైముల్లోనో పేరులోనో ఉంది. అన్నిటా ఉంటే ఫారంలో ఉంది.

ఇక సెర్చ్ ఇంజన్లకు ఇచ్చే `sitemap.xml` ఫైలు. అందులో సేవలు, డాక్టర్లు, పరీక్షలు, ఫీజులు, అడ్రస్ పేజీలు ఉండాలి:

```
<url>
  <loc>https://example.com/services/dental</loc>
  <lastmod>2025-03-10</lastmod>
</url>
```

`?dept=` తోక ఉన్న బుకింగ్ చిరునామాలనూ, బుకింగ్ పూర్తయ్యాక వచ్చే ధన్యవాదాల పేజీనీ ఇందులో చేర్చకూడదు. ధన్యవాదాల పేజీ వెతుకులాటలో కనబడకూడదంటే దానిలో `noindex` పెట్టాలి. అదే పేజీని `robots.txt`లో కూడా అడ్డుకుంటే గూగుల్ లోపలికి రాలేదు, ఆ `noindex`ను చదవనూ లేదు. `lastmod` తేదీని పేజీలో విషయం నిజంగా మారినప్పుడే మార్చాలి.

డాక్టర్ క్లినిక్ మానేసిన రోజు ఆయన పేజీని తుడిచేస్తే, పాత లింకులతో వచ్చేవాళ్లకు ‘పేజీ దొరకలేదు’ అన్న గోడ ఎదురవుతుంది. అదే విభాగంలో పనిచేస్తున్న మిగతా డాక్టర్లు కనబడే పేజీకి ఆ చిరునామాను శాశ్వతంగా మళ్లించాలి. అదే రోజు బుకింగ్ జాబితా నుంచీ, సైట్ మ్యాప్ ఫైలు నుంచీ ఆయన పేరు తీసేయాలి. ఈ మూడు పనులూ ఎవరు చేయాలో రిసెప్షన్‌లో ఒకరి పేరు రాసి పెట్టుకోకపోతే, లేని డాక్టర్ పేరు మీద ఎవరో ఒకరు టైము తీసుకుని ఊరి నుంచి బస్సెక్కి వస్తారు.