ముక్కు ఒక్కటే సాగదీస్తే పోలిక రాదు

క్యారికేచర్ అనగానే ముక్కు పెద్దది చేయడం, చెవులు చేటలంత చేయడం గుర్తొస్తాయి. కొత్తగా గీసేవాళ్లు చాలామంది ఫోటో ముందు పెట్టుకుని ఆ పనే మొదలెడతారు. బొమ్మ నవ్వు తెప్పిస్తుంది గానీ అందులో మనిషి కనిపించడు. ముక్కు ఎంత పొడవని కాదు, చుట్టూ ఉన్నవాటితో పోలిస్తే ఎంత పొడవన్నదే మొహాన్ని గుర్తుపట్టిస్తుంది.

కాబట్టి పెన్సిల్ పట్టేముందు ఫోటో చూసుకోవాలి. సెల్ఫీ పనికిరాదు. చేయి దూరంలో తీసిన ఫోటోలో ముందుకున్న ముక్కు ఉబ్బి, వెనకున్న చెవులు కుంచించుకుపోతాయి. దాన్ని నమ్మి గీస్తే మనం పెంచేది మనిషి ముక్కు కాదు, ఫోన్ చేసిన తప్పు. నాలుగైదు అడుగుల దూరం నుంచి తీసినవి రెండు మూడు తెప్పించుకోండి. అందులో ఒకటైనా నవ్వుతున్నదో, మాట్లాడుతున్నదో ఉండాలి. పాస్‌పోర్టు ఫోటోలో మనిషి ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. రిటైరవుతున్న లెక్కల మాస్టారికి వీడ్కోలు సభలో ఇవ్వడానికి బొమ్మ కావాలి. ఫోటోలో నుదుటి పైనుంచి గడ్డం దాకా మొహం 12 సెంటీమీటర్లుంది. బొమ్మలు నేర్పేటప్పుడు మొహాన్ని మూడు సమాన భాగాలు చేస్తారు: జుట్టు మొదలు నుంచి కనుబొమ్మల వరకు ఒకటి, అక్కడి నుంచి ముక్కు కింది వరకు ఒకటి, మిగిలింది గడ్డం దాకా. ఆ లెక్కన ఒక్కోటి 4 రావాలి. మాస్టారికి వరసగా 3, 4, 5 వచ్చాయి. అంటే నుదురు పొట్టి, దవడ పొడవు. ఆయన ప్రత్యేకత ముక్కులో లేదు, ముక్కు కింద ఉంది.

ఇప్పుడు ఆ తేడానే పెంచుతాం. మొత్తం 12 అలాగే ఉంచి 2, 3.5, 6.5 చేస్తాం. కిందికి ఇచ్చినది పైనుంచి తీశాం, గమనించారా? కొత్తవాళ్లకు తట్టనిది ఇదే. అన్నీ పెంచితే ఫోటోను పెద్దది చేసినట్టే అవుతుంది. ఒకచోట తగ్గిస్తేనే ఇంకోచోట పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు అగ్గిపెట్టెంత సైజులో నాలుగైదు చిత్తు బొమ్మలు వేసి, ఏ పాళ్లలో మాస్టారు బయటపడుతున్నారో చూసుకోవాలి. వివరాలు తర్వాతి మాట.

ఎంతవరకు పెంచాలి? 1831లో పారిస్‌లో షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికా సంపాదకుడు రాజు లూయీ ఫిలిప్‌ను పరిహసించాడని కోర్టుకెక్కాడు. అక్కడ నాలుగు బొమ్మలు గీసి చూపించాడు. మొదటిది రాజు మొహం, నాలుగోది పియర్ పండు. జారిన బుగ్గలు అడుగడుక్కీ ఇంకొంచెం జారి, చివరికి మనిషి పోయి పండు మిగిలింది. ఫ్రెంచి వాడుకలో ఆ పండు పేరు తెలివితక్కువవాడికీ చెల్లుతుంది. ఆయనకు జైలు తప్పలేదు. గద్దె మీదున్నవాడిపై గీసేటప్పుడు నాలుగో బొమ్మకు వెళ్లే హక్కు కార్టూనిస్టుకు ఉందనే నా అభిప్రాయం. వీడ్కోలు సభలో మాత్రం రెండో బొమ్మ దగ్గరే ఆగాలి.

నొప్పి తగలడం పెంచిన కొలతకన్నా ఎంచుకున్న అంశాన్ని బట్టి ఉంటుంది. మాస్టారికి తెల్లటి గుబురు మీసం ఉంది, ఆయనే ముచ్చటపడి పెంచుకున్నది. కళ్లజోడు ఎప్పుడూ ముక్కు కొసకు జారుతుంది, దాని మీదుగా పిల్లల్ని చూస్తారు. నవ్వితే కళ్లు గీతలైపోతాయి. ఇవన్నీ ఎంత పెంచినా ఆయనవే. మీసం దవడ సగం మింగేయవచ్చు, కళ్లజోడు మీసం మీద కూర్చోవచ్చు. బుగ్గ మీది మశూచి మచ్చలు, రంగు, వంకర పళ్లు జోలికి పోవద్దు. అవి ఆయన కోరుకున్నవి కావు, వాటిని ఎవరో ఒకరు ఎప్పుడో ఎత్తిచూపే ఉంటారు. బట్టతల మధ్యస్తం: ఆయనే దాని మీద జోకులేస్తుంటే గీయండి, టోపీతో కప్పుకుంటుంటే టోపీనే గీయండి. చూపును మాత్రం ఫోటోలో ఉన్నట్టే ఉంచండి. కళ్లలో చురుకుదనం ఉంటే మిగతాదెంత సాగినా వెక్కిరింతగా అనిపించదు. అదే దవడకు వాలిన కనురెప్పలు తగిలిస్తే మందమతిలా తయారవుతారు.

బొమ్మ పూర్తయ్యాక పేరు చెప్పకుండా స్టాఫ్ రూములో ఒకరికి చూపించండి. “అరె, మన మాస్టారు!” అని నవ్వితే పని అయినట్టే. ముందు నవ్వి, తర్వాత “ఎవరండీ ఈయన?” అంటే పాళ్లు కుదరలేదు, చిత్తు బొమ్మల దగ్గరికి వెళ్లండి. గుర్తుపట్టి “పాపం, ఇది ఆయనకు చూపిస్తారా?” అంటే ఆ గీత ఏదో అడిగి చెరిపేయండి, ఫ్రేము కట్టించేది ఆ తర్వాతే.