బీడీలు చేసి కొన్న జాగ పాలోళ్లకు ఎట్ల పోతది?

ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊర్లెనైనా ఒక మనిషి కాలం చేస్తే, దినాలు కాంగనే ఇంట్ల మొదలయ్యే మాట ఒక్కటే. విరాసత్ ఎవరి పేరు మీద చేయించాలె? ఎక్కువ ఇండ్లల్ల జవాబు కూడ ముందుగాలనే ఖాయమై ఉంటది: కొడుకుల పేరు మీద. బిడ్డలకు కట్నం ఇచ్చినం గదా, అవ్వకు ఎందుకు గదా, అని అనుకుంటరు. కని చట్టంల ఉన్న జవాబు వేరే. అది తెల్వకనే పసుపు పండే భూములు ఏండ్లకేండ్లు కోర్టుల పడి ఉంటున్నయి.

వీలునామ అంటె మన ఆస్తి గురించి మనం చెప్పిపోయే మాట. అది లేకుంటె మన తరఫున చట్టమే మాట్లాడుతది. అయితె చట్టానికి మన ఇంటి సంగతులు తెల్వయి. మీరు ఎవరిని సాదిండ్రు, మంచాన పడ్డప్పుడు మిమ్ముల ఎవరు సూసిండ్రు అని అది అడగది. చుట్టరికం వరస ఒక్కటే సూస్తది. హిందువులకు ఆ వరస 1956 హిందూ వారసత్వ చట్టంల ఉన్నది. మొగోడు చనిపోతె ఒక వరస, ఆడమనిషి చనిపోతె ఇంకో వరస. గొడవంతా ఈ రెండు వరసల తేడాలనే ఉన్నది.

ముందుగాల మొగోని సంగతి సూద్దాం. ఒకాయినె సొంతంగ కొన్న ఆరెకరాలు ఉన్నయి అనుకుందాం. ఇంట్ల ముసలి తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, పెండ్లయిన బిడ్డ. వీలునామ రాయకుంట చనిపోయిండు. ఆరెకరాలంటె 240 గుంటలు. తల్లి, భార్య, ముగ్గురు పిల్లలు కలిపి ఐదుగురు. ఒక్కొక్కలకు 48 గుంటలు, అంటె ఎకరం ఎనిమిది గుంటలు. కొడుకుకెంతనో బిడ్డకు అంతే, భార్యకూ అంతే, తల్లికీ అంతే. తండ్రి బతికున్నా ఆయినకు ఈ వరసల వాటా లేదు. కట్నం ఇచ్చినమని బిడ్డ వాటా కోసెయ్యమని చట్టంల ఎక్కడా లేదు.

ఇగ ఎవ్వలు సూడని మలుపు ఒకటుంది. ఆ ముసలి తల్లి కూడ నాలుగేండ్లకు వీలునామ లేకుంటనే పోయింది. ఆమె భర్త ముందే పోయిండు. ఆమె 48 గుంటలు ఇప్పుడు ఆమె పిల్లలందరికి పోతయి. ఈ చనిపోయిన కొడుకు కాక ఆమెకు ఇంకో కొడుకు, ఒక బిడ్డ ఉన్నరనుకుంటె మూడు భాగాలు అయితయి. ఆ కొడుక్కు 16 గుంటలు, బిడ్డకు 16 గుంటలు, చనిపోయిన కొడుకు తరఫున ఆయిన ముగ్గురు పిల్లలకు కలిపి 16 గుంటలు. కోడలికి అండ్ల ఏం రాదు. అంటె అన్న కొన్న భూమిల తమ్ముడు, చెల్లె న్యాయంగనే హక్కుదారులైతరు. రేపు అమ్ముదామంటె వాళ్ల సంతకం కావాలె. తల్లి బతికున్నప్పుడు ఒక కాయిదం రాసి ఉంటె ఈ పంచాది లేకపోవు.

తాతల నాటి ఉమ్మడి భూమి సంగతి కొంచెం వేరే. అండ్ల 2005 సవరణ తర్వాత బిడ్డకు కూడ కొడుకు లెక్కనే పుట్టుకతోని వాటా ఉన్నది. 2005 కంటె ముందే తండ్రి పోయినా ఆ హక్కు ఉంటదని 2020 ఆగస్టుల వినీతా శర్మ కేసుల సుప్రీంకోర్టు తేల్చింది. కాకపోతె 2004 డిసెంబర్ 20 కంటె ముందే పక్కాగ పంపకం అయిపోయి ఉంటె దాన్ని తిరగదోడరాదు. తండ్రి ఉమ్మడి భూమి మొత్తానికి వీలునామ రాసినా చెల్లది. తన వాటా వరకే రాసుకోవచ్చు.

ఇప్పుడు ఆడమనిషి సంగతి. నన్నడిగితె అసలు అన్యాయం ఇక్కడనే ఉన్నది. పిల్లలు లేని ఆడమనిషి వీలునామ లేకుంట చనిపోతె ముందు భర్తకు పోతది. భర్త కూడ లేకుంటె భర్త వారసులకు పోతది. వాళ్లెవ్వలు లేకుంటెనే ఆమెను కన్న తల్లిదండ్రుల వంతు వస్తది. ఆ ఆస్తి ఆమె సొంత కష్టం అయినా సరే ఇదే వరస.

దీనికి దేశమంతా తెల్సిన కేసు నారాయణీ దేవిది. 1955ల పెండ్లయింది. మూడు నెలలు కాకముందే భర్త పాము కరిచి చనిపోయిండు. అత్తగారోళ్లు ఇంట్లకెల్లి ఎళ్లగొట్టిండ్రు. తల్లిగారోళ్లే సదివించిండ్రు, నౌకరి చేసుకుంట బతికింది. 1996ల చనిపోయింది. బ్యాంకుల పైసలు, పీఎఫ్ మిగిలినయి, వీలునామ లేదు. కన్నతల్లి కోర్టుకు పోయింది. భర్త చెల్లె కొడుకులు కూడ పోయిండ్రు. 2009ల సుప్రీంకోర్టు భర్త తరఫు వాళ్లకే ఇచ్చింది. జాలి వేరు, చట్టం వేరు అన్న లెక్కల తీర్పు వచ్చింది. నలబై ఏండ్లు మొఖం సూడనోళ్లకు ఆమె జీతం పైసలు పోయినయి.

దీన్ని మన దిక్కు తెచ్చి సూడుండ్రి. ఆర్మూర్ల ఒక అక్క చిన్నగున్నప్పుడే మొగడు పోయిండు, పిల్లలు లేరు. ముప్పై ఏండ్లు బీడీలు చేసి, పైస పైస కూడబెట్టి, వంద గజాల జాగ కొని రెండర్రల ఇల్లేసుకున్నది. చెల్లె బిడ్డను చిన్నప్పటి సంది సాదింది, పెండ్లి చేసింది. రేపు ఈ అక్క వీలునామ లేకుంట పోతె ఇల్లెవరికి? అత్త బతికుంటె మొత్తం అత్తకే. అత్త లేకుంటె మామకు. ఇద్దరూ లేకుంటె బావ, మరిది, ఆడిబిడ్డ ఎవ్వలుంటె వాళ్లకు సమానంగ. సాదిన బిడ్డకు గుంట కాదు గదా, గజం కూడ రాదు. సాదుకునుడు వేరు, చట్ట ప్రకారం దత్తత వేరు. బడిల సంరక్షకురాలని పేరు రాసినంత మాత్రాన దత్తత కాదు.

తల్లిగారి ఆస్తికి ఒక చిన్న రక్షణ ఉన్నది. తండ్రి నుంచో తల్లి నుంచో వారసత్వంగ వచ్చిన ఆస్తి అయితె, పిల్లలు లేనప్పుడు అది తిరిగి తండ్రి వారసులకు పోతది. అయితె చట్టంల ఉన్న మాట వారసత్వం. పెండ్లప్పుడు పసుపు కుంకుమ కింద దానపత్రం రాసి ఇచ్చిన భూమి వారసత్వం కాదు, దానం. కాబట్టి అది మళ్ల అత్తగారి దిక్కే నడుస్తది. బిడ్డకు భూమి ఇచ్చే నాయినలు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోవాలె.

ఈ వరస రాజ్యాంగానికి విరుద్ధమని పిటిషన్లు పడ్డయి. 2025 నవంబర్ల సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చకుంటనే, ఆడోళ్లు, ముఖ్యంగ హిందూ ఆడోళ్లు ఎంబడే వీలునామ రాసుకోండ్రని చెప్పింది. చట్టం మార్చే పని పార్లమెంటుది. అది మారేదాక మన చేతిల ఉన్నది కాయిదమే.

ఆ కాయిదం రాయుడు పెద్ద పనేం కాదు. స్టాంపు పేపర్ అక్కర లేదు, తెల్ల కాయిదం చాలు. తెలివిల ఉన్న పెద్ద మనిషి, అంటె 18 ఏండ్లు దాటినోళ్లు ఎవ్వలైనా రాయొచ్చు. ఇంటి నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు పాస్‌బుక్కుల, దస్తావేజుల ఉన్నట్టే దించాలె. ఈ ఆస్తి నాకెట్ల వచ్చిందో, నా తదనంతరం ఎవరికి చెందాలెనో, మిగతా వాళ్లకు ఎందుకు ఇస్తలేనో రాయాలె. ఇద్దరు సాక్షులు ఉండాలె. మీరు సంతకమో ఏలుముద్రో పెట్టంగ వాళ్లు సూడాలె, మీ ముందట వాళ్లు సంతకం చెయ్యాలె. మీకంటె వయసుల చిన్నోళ్లను పెట్టుకుంటె మంచిది. ఎందుకంటె రేపు కోర్టుల వీలునామ నిలబడాలంటె, సాక్షులు బతికున్నప్పుడు కనీసం ఒక్కరన్నా వచ్చి చెప్పాలె. ఆస్తి తీసుకునేటోళ్లను సాక్షి పెట్టకుండ్రి, అనుమానానికి అదే మొదటి దారి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కని ఆర్మూర్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల చేయించుకుంటె, ఆ రోజు ఈ మనిషే వచ్చి పెట్టిండని రికార్డు ఉంటది. అట్లని రిజిస్ట్రీ అయిన వీలునామ కోర్టుల పడిపోదని కాదు. అనుమానం కలిగించే సంగతులుంటె, వీలునామ చూపెట్టినోళ్లే ఆ అనుమానం తీర్చాలెనని 1958లనే సుప్రీంకోర్టు చెప్పింది. దవాఖానల మంచం మీద వేయించిన ఏలుముద్ర, ఆస్తి తీసుకునేటాయినే రాయించి తెచ్చిన కాయిదం, కారణం చెప్పకుంట భార్యాబిడ్డలను పక్కకు పెట్టుడు, ఇసొంటియి కనవడితె ఎదుటి వకీలు దాని మీదనే పడతడు.

ఇంకో మోసం ఎక్కువ నడుస్తున్నది. వీలునామ అని చెప్పి ముసలోళ్లతోని గిఫ్ట్ డీడు మీద సంతకం పెట్టించుకునుడు. వీలునామ మీరు పోయినంకనే పని చేస్తది, బతికున్నన్ని రోజులు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడు అయితె హక్కు అప్పుడే పోతది, తిరిగి తెచ్చుకునుడు శాన కష్టం. గుర్తు పట్టుడు ఎట్ల? వీలునామల "నా తదనంతరం" అనే మాట ఉంటది, స్టాంపు డ్యూటీ ఉండదు. ఆఫీసుల స్టాంపు డ్యూటీ కట్టమని పైసలు అడుగుతున్నరంటె అక్కడనే ఆగి, కాయిదం మొత్తం సదివిపిచ్చుకోవాలె.

ఈ లెక్కలు అందరికీ ఒక్కటే కాదు. ముస్లింలు తమ మతచట్టం ప్రకారం మిగతా వారసుల ఒప్పుదల లేకుంట మూడింట ఒక వంతుకంటె ఎక్కువ వీలునామ రాయలేరు. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం ఉన్నది. లంబాడ తండాలల్ల ఉన్న గిరిజనులకు 1956 చట్టం నేరుగ వర్తించది, అక్కడ ఆడబిడ్డల హక్కు ఇంకో పెద్ద పంచాది, దాని గురించి వేరేగ రాయాలె.

ఒక మాట మాత్రం దాచొద్దు. మన దిక్కు మొగోళ్లు రాసే వీలునామలల్ల చానా మట్టుకు బిడ్డలను తప్పించేటందుకే రాస్తరు. సొంత ఆస్తి మీద ఆ హక్కు ఆయినకున్నది, కాదనలేం. కని బిడ్డకు సమానంగ ఇయ్యాలనుకునే నాయినకు చట్టం వరసనే చాలా వరకు సరిపోతది. వీలునామ అవసరం ఎక్కువగ ఉన్నది ఒంటరి ఆడోళ్లకు, బిడ్డను సాదుకున్నోళ్లకు.

వీలునామ లేని ఇంట్ల భూమికి విరాసత్ చేయించాలంటె, చనిపోయిన సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పట్టుకొని తహసీల్దార్ దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలె. 2025ల వచ్చిన భూభారతి చట్టం కింద ఆయిన వారసులకు నోటీసులిచ్చి విచారణ చేస్తడు. ఆ నోటీసు వచ్చినప్పుడు బిడ్డలు ఊకోవద్దు, తమ వాటా సంగతి రాసి ఇచ్చి రశీదు తీసుకోవాలె. ఒకవేళ అన్న ఒక్కని పేరు మీదనే పట్టా ఎక్కినా బేజారు కావొద్దు. పట్టాల పేరు ఎక్కినంత మాత్రాన మిగతా వారసుల హక్కు పోదు, సివిల్ కోర్టుల పంపకం దావ వేసుకోవచ్చు. బ్యాంకుల నామినీ కూడ గట్లనే, ఆయిన పైసలు తీసుకునేటోడే గని ఒక్కడే హక్కుదారు కాదు. నామినీ లేని పెద్ద పైసలకు బ్యాంకోళ్లు కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మంటరు. దానికి కోర్టు ఫీజు, వకీలు ఖర్చు, నెలల తరబడి తిరుగుడు ఉంటది.