తెల్లారేసరికి టాలీ కావాలి

2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు బ్రిటన్ రోజువారీ కరోనా లెక్కల్లోంచి 15,841 మంది జారిపోయారు. వాళ్లకు పరీక్ష జరిగింది, పాజిటివ్ అని తేలింది, ఆ సంగతి వాళ్లకు చెప్పారు కూడా. కానీ వాళ్లు ఎవరెవరిని కలిశారో కనుక్కుని హెచ్చరించాల్సిన విభాగానికి మాత్రం ఆ పేర్లు సమయానికి చేరలేదు. వైరస్ అంటుకున్నదేమో తెలియని మనుషులు ఆ రోజుల్లో మామూలుగానే బయట తిరిగారు.

కారణం తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. ల్యాబులు ఫలితాలను సాదా టెక్స్ట్ ఫైళ్లుగా పంపేవి. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ వాటిని పాత తరహా ఎక్సెల్ ఫైళ్లలోకి, అంటే .xls లోకి ఎక్కించి, అక్కడి నుంచి కేంద్ర వ్యవస్థకు పంపేది. ఆ పాత ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కో మనిషి వివరాలకు చాలా వరుసలు పడతాయి కాబట్టి ఒక ఫైలులో దాదాపు 1,400 మందికే చోటు. కేసులు పెరిగాక ఆ హద్దు దాటిన వరుసలు రాలిపోయాయి. పని మాత్రం ఆగలేదు, పట్టినంత మేరకు ముందుకు సాగింది.

కంప్యూటర్ పనిలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇలాంటి నష్టమే. పని మధ్యలో ఆగిపోతే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. సవ్యంగా ముగిసినట్టు కనిపిస్తూ లోపల కొన్ని వదిలేస్తే, నష్టపోయిన మనిషి వచ్చి అడిగేదాకా ఎవరికీ తెలియదు.

దీన్ని పట్టుకునే పద్ధతి నాలుగు అంకెల లెక్క. రాత్రి మొదలయ్యే ప్రతి పనిలోనూ ఎన్ని అందాయి, వాటిలో ఎన్ని పూర్తయ్యాయి, తెలిసి వదిలేసినవెన్ని, చేయబోయి విఫలమైనవెన్ని అని విడివిడిగా లెక్కపెట్టాలి. చివర ఇది నిలవాలి:

```
found = processed + skipped + failed
```

ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక విద్యుత్ సంస్థలో పగలంతా తీసిన మీటర్ రీడింగులకు రాత్రి బిల్లులు తయారవుతాయి. ఆ రాత్రి 12,000 రీడింగులు వచ్చాయి. 11,640 బిల్లులు తయారయ్యాయి. ఇంటికి తాళం ఉండటం వల్ల రీడింగు లేనివి 310, వాటిని పక్కన పెట్టారు. పోయిన నెల కన్నా ఈ నెల రీడింగు తక్కువగా ఉండి విఫలమైనవి 42. మూడూ కూడితే 11,992. ఎనిమిది తక్కువ.

పన్నెండు వేలలో ఎనిమిదేగా అని వదిలేయకూడదు. ఈ తేడా సున్నా అయినా కావాలి, కాకపోతే కారణమైనా తెలియాలి. వెతకడానికి అంకెలు చాలవు, సర్వీస్ నంబర్ల జాబితాలు కావాలి. అందిన జాబితాలోంచి మిగతా మూడు జాబితాల్లో ఉన్న నంబర్లను తీసేస్తే మిగిలేవి ఆ ఎనిమిదే. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ కొత్తగా చేర్చిన ఒకే కేటగిరీవి. ప్రోగ్రాంలో ఇలా ఉంది:

```python
if cat == "domestic":
    bill_home(r)
elif cat == "commercial":
    bill_shop(r)
```

గృహ వినియోగమైతే ఒక దారి, దుకాణమైతే ఇంకో దారి. రెండూ కాకపోతే ఏం చేయాలో ఎవరూ రాయలేదు. కంప్యూటర్ దృష్టిలో అది తప్పు కాదు, కాబట్టి విఫలమైన వాటిలో చేరదు. ఎవరూ వదిలేయమని చెప్పలేదు, కాబట్టి వదిలేసిన వాటిలోనూ చేరదు. ఆ ఎనిమిది రీడింగులు ఏ ఖాతాలోనూ పడకుండా జారిపోయాయి.

ఇప్పుడు అసలు చిక్కు. చాలాచోట్ల ఈ లెక్క ఉంటుంది, కానీ పని చేయదు. వదిలేసినవి ఎన్ని అని విడిగా లెక్కపెట్టడం శ్రమ అనుకుని, అందిన వాటిలోంచి పూర్తయినవీ విఫలమైనవీ తీసేసి, మిగిలిందంతా వదిలేసిన వాటి కింద రాస్తారు. పై ఉదాహరణలో అప్పుడు వదిలేసినవి 318 అవుతాయి. లెక్క చక్కగా టాలీ అవుతుంది. ఎప్పటికీ అవుతూనే ఉంటుంది, ఎందుకంటే తేడా దాక్కోవడానికి మనమే ఒక గది కట్టాం. నాలుగు అంకెల్లో ఏ ఒక్కటీ మిగతా మూడింటి నుంచి పుట్టకూడదు. వదిలేసిన ప్రతిదాని పక్కన ఎందుకు వదిలేశారో కారణం రాయాలనే నియమం పెడితే ఈ దొంగదారి మూసుకుపోతుంది. కారణం లేనిది ఆ ఖాతాలోకి రాలేదు.

అందినవి ఎక్కడ లెక్కపెట్టారన్నది అంతకన్నా ముఖ్యం. బ్రిటన్ విషయానికే వద్దాం. ఒక ల్యాబు ఫైలులో 70,000 వరుసలున్నాయనుకోండి. దాన్ని .xls లో తెరిచాక లెక్కపెడితే అందినవి 65,536, కేంద్రానికి చేరినవీ 65,536. తేడా సున్నా. పోయిన 4,464 వరుసలు ఆ లెక్కకు కనిపించనే కనిపించవు, ఎందుకంటే లెక్కపెట్టేసరికే అవి పోయాయి. ఇరుకు దారికి ముందు, పంపినవాళ్ల దగ్గరే అంకె తీసుకోవాలి. వరుసలు లెక్కపెడుతున్నామా, మనుషులనా అన్నది కూడా రెండు చివర్లా ఒకేలా ఉండాలి.

పంపేవాళ్లే అంకె రాసి పంపే ఏర్పాటు బ్యాంకుల్లో ఉంది. అమెరికాలో బ్యాంకుల మధ్య జీతాలూ బిల్లులూ నడిచే ఏసీహెచ్ ఫైలు చివర ఒక నియంత్రణ వరుస ఉంటుంది. ఫైలులో ఎన్ని పద్దులున్నాయి, మొత్తం ఎంత డెబిట్, ఎంత క్రెడిట్ అని అందులో ఉంటుంది. దానితోపాటు ఒక విచిత్రమైన మొత్తం కూడా. పద్దులు అందుకునే బ్యాంకుల గుర్తింపు సంఖ్యల్లో మొదటి ఎనిమిదేసి అంకెలను తీసి, అన్నీ కూడి రాస్తారు. బ్యాంకు నంబర్లు కూడితే వచ్చేదానికి అర్థమేమీ లేదు. కానీ ఒక పద్దు పోయి ఇంకొకటి రెండుసార్లు వస్తే పద్దుల సంఖ్య మారదు, ఆ రెండూ ఒకే మొత్తానివైతే డబ్బు కూడా మారదు. వేర్వేరు బ్యాంకులవైతే ఈ అర్థంలేని మొత్తం మారుతుంది. ఒకటి పోయి ఒకటి రెట్టింపైన తప్పును వట్టి సంఖ్యల లెక్క ఎన్నడూ పట్టలేదు. విఫలమైన వాటిని మళ్లీ ప్రయత్నించే పనుల్లో ఈ తప్పు తరచూ వస్తుంది, అందుకే పూర్తయినవి లెక్కపెట్టేటప్పుడు ఒక్కో నంబరును ఒక్కసారే లెక్కించాలి.

పని నడుస్తుండగా కొత్తవి వచ్చి చేరినా తేడా వస్తుంది, అది నష్టం కాదు. రాత్రి పదకొండు గంటలకు ఉన్న జాబితాను ఖాయం చేసుకుని, ఆ తర్వాత వచ్చినవాటిని మరుసటి రాత్రికి వదిలితే ఆ గోల ఉండదు.

ఇంకొక రాత్రి ఉంటుంది. ఫైలే రాలేదు. అందినవి 0, పూర్తయినవి 0, వదిలేసినవి 0, విఫలమైనవి 0. లెక్క టాలీ అయింది, విజయవంతం అని మెయిల్ కూడా వచ్చింది. దీన్ని పట్టాలంటే అందిన సంఖ్యను పోయిన వారం ఇదే రోజు అంకెతో పోల్చాలి. ఆదివారాన్ని సోమవారంతో పోలిస్తే ప్రతి వారం ఉత్తుత్తి హెచ్చరిక మోగుతుంది, నెల తిరిగేసరికి దాన్ని చూసేవాళ్లుండరు. ఇక పని అసలు మొదలే కాకపోతే పోల్చడానికి అంకె కూడా ఉండదు. అందుకే ఆ కాపలా వేరే యంత్రం మీద ఉండాలి. ఉదయం ఆరుకల్లా నాలుగు అంకెలూ రాకపోతే, రాలేదన్న కబురు అది డ్యూటీలో ఉన్న మనిషి ఫోన్‌కు పంపాలి.