పది వేల పదాలు ఎనిమిది వేలైన వేళ

ఒక అనువాదకుడు పది వేల పదాల మాన్యువల్ అనువదించి, పదానికి 2 రూపాయల చొప్పున 20,000 బిల్లు వేశాడనుకుందాం. ఏజెన్సీ 16,000 మాత్రమే ఇస్తానంది.

కారణం సాఫ్ట్‌వేర్ లెక్క. 6,000 కొత్త పదాలకు పూర్తి రేటు కట్టింది. పాత అనువాదాన్ని పోలిన 3,000 పదాలకు 60 శాతం, మళ్లీ మళ్లీ వచ్చిన 1,000 పదాలకు 20 శాతం ఇచ్చింది. అలా 8,000 పదాలే తేలాయి.

అతని ఈమెయిల్‌లో కోపం కనిపించకూడదు, ఆధారాలు కనిపించాలి. ముందుగా విశ్లేషణ రిపోర్టు అడగాలి. తగ్గింపు శాతాలు పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్నాయా అని చూడాలి. లేకపోతే, పని ముగిశాక పెట్టిన కోతను ఒప్పుకోలేదని రాసి, మిగతా 4,000 రూపాయలు కోరాలి. అవి ముందే ఒప్పుకున్నవైతే మాత్రం వాదన నిలవడం కష్టం.