ఏ దేశపు పోలీసు సర్టిఫికెట్ పాతబడుతుంది?

కెనడా శాశ్వత నివాసానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆహ్వానం అందాక దరఖాస్తు పూర్తిచేయడానికి 60 రోజులే గడువు. గత పదేళ్లలో వరుసగా ఆరు నెలలు, అంతకుమించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు క్లియరెన్స్ కావాలి. 18 ఏళ్లు నిండకముందు గడిపిన కాలం లెక్కలోకి రాదు.

నిజామాబాద్ నర్సు ఒకామె మూడేళ్లు దుబాయ్‌లో, నాలుగేళ్లు సింగపూర్‌లో పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటోందనుకుందాం. ఇక్కడ ఉంటోంది కనుక, పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చే భారత సర్టిఫికెట్ దరఖాస్తుకు ముందు ఆరు నెలల లోపుదై ఉండాలి. దుబాయ్‌ది అలా కాదు. అక్కడ చివరిసారి నివాసం ముగిశాక తీసుకున్నదైతే, ఏళ్లు గడిచినా చెల్లుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ఉద్యోగం వదిలే నెల ముందే సర్టిఫికెట్ తీసి దాచుకుంటారు. దాని తేదీ తర్వాత కూడా అక్కడే ఉన్నారు కాబట్టి ఆ కాగితం సరిపోదు.

బయటి నుంచి అడిగితే వేలిముద్రలు కావాలి, అవి తీయించి పంపడానికే వారాలు పడుతుంది. అందుకే విదేశాలవి ఆహ్వానానికి ముందే మొదలుపెట్టాలి. మధ్యలో కువైట్‌లో ఐదు నెలలే ఉంటే సర్టిఫికెట్ అడగరు కానీ, వ్యక్తిగత చరిత్రలో ఆ నెలలు రాయకపోతే ఖాళీ కనిపిస్తుంది.