నిన్నటి జట్టుకే నేడు ఇన్‌చార్జ్: ఆమెకు ఏం కానుక ఇవ్వాలి?

ప్రమోషన్ అనగానే మనకు తోచే కానుకలు కొన్ని ఉన్నాయి: స్వీట్ బాక్సు, బొకే, శాలువా, బల్ల మీద పెట్టుకునే నేమ్‌ప్లేటు. బదిలీ మీద వేరే ఊరికి పెద్ద కుర్చీలోకి వెళ్లేవాళ్లకు ఇవన్నీ బాగానే నప్పుతాయి. అదే గదిలో ఉండి, నిన్నటిదాకా తన పక్కన పనిచేసినవాళ్లకే పని పంచాల్సి వచ్చిన స్నేహితురాలి సంగతి వేరు. ఆమె బల్ల మీద మెరిసే నేమ్‌ప్లేటును రోజంతా చూసేది ఎదురుగా తిరిగే పాత తోటివాళ్లు. వాళ్లలో కనీసం ఒకరు ఆ కుర్చీ తనకొస్తుందని ఆశపడి ఉంటారు. మనం ప్రేమతో కొన్న వస్తువు వాళ్లకు ప్రతి పూటా ఆ మాటే గుర్తు చేస్తుంది. ‘బాస్’ అని రాసిన కప్పూ అంతే. చాలామంది ఇలాంటివి ఇంటికి తీసుకెళ్లి అల్మారాలో పెట్టేస్తారు. కానుక తప్పిందని తెలిసేది అప్పుడే.

నేను చూసిన ఒక కానుక గురించి చెబుతాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ఒకావిడను అక్టోబరులో అదే వార్డుకు ఇన్‌చార్జ్ సిస్టర్‌ను చేశారు. ఆమె కింద పన్నెండు మంది సిస్టర్లు. అందరూ ఆమెతో కలిసి నైట్ డ్యూటీలు చేసినవాళ్లే. ఒకరు ఆమెకన్నా సీనియర్. కానుక ఇచ్చిన ఆవిడ ఆమెతో కలిసి జీఎన్‌ఎం చదివిన స్నేహితురాలు, నగరంలోనే వేరే ఆసుపత్రిలో నర్సు. వార్డు పని తెలుసు, ఈ వార్డు మనుషులు తెలియదు. ఆ రెండూ పనికొచ్చాయి.

ప్రకటన వచ్చిన రోజు స్నేహితురాలు ఫోన్ చేసి మాట్లాడింది, అంతే. అసలు కానుక నెల గడిచాక, నవంబరు చివర్లో ఇచ్చింది. నాకు చాలా నచ్చింది ఈ ఆలస్యమే. మొదటి వారం శుభాకాంక్షలకు కొదవ ఉండదు. ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఇంట్లో వాళ్లు చుట్టాలందరికీ చెబుతుంటారు. సందడి తగ్గాక అసలు మార్పు తెలిసొస్తుంది. మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో టిఫిన్ బాక్సులు తెరిచి, ఒకరి పప్పు ఒకరు వేసుకుంటూ తినే గుంపులో, ఆమె వెళ్లగానే మాట ఆగిపోతుంది. వాట్సాప్‌లో ఆమె లేని కొత్త గ్రూపు ఒకటి మొదలవుతుంది. “ఏమే” అని పిలిచే మనిషి నవ్వుతూనే “చెప్పండి మేడమ్” అంటుంది. జీతంలో పెరిగినది కొంతే, పోయినది రోజూ కూడా ఉండే తోడు. ఆ ఖాళీ ఎక్కడుందో చూసుకుని ఇవ్వాలంటే కొన్నాళ్లు ఆగాల్సిందే.

వార్డులో ఇన్‌చార్జ్ సిస్టర్ చేతికొచ్చే మొదటి అధికారం డ్యూటీ రోస్టరు. ఎవరు ఉదయం ఎనిమిది నుంచి రెండు, ఎవరు రెండు నుంచి రాత్రి ఎనిమిది, ఎవరు రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి ఎనిమిది అని ఆమె వేసి గోడకు అంటించాలి. గొడవలన్నీ ఆ కాగితం దగ్గరే మొదలవుతాయి. రాత్రికి ఇద్దరు కావాలి. నవంబరులో ముప్పై రాత్రులు, అంటే అరవై నైట్ డ్యూటీలు. పన్నెండు మందికి పంచితే తలా ఐదు. కానీ ఆ నెల ఒకరికి ఏడో నెల, ఇంకొకరికి చంటిబిడ్డ. వాళ్లిద్దరికీ రాత్రులు వద్దనుకుంటే మిగిలిన పది మందికి తలా ఆరు పడతాయి. పెరిగిన ఆ ఒక్క రాత్రి ఎందుకొచ్చిందో నోటితో చెబితే, విన్నవాళ్లు “తన స్నేహితురాళ్లను కాపాడుకుంటోంది” అనుకున్నారు. అందులో అబద్ధమూ లేదు, ఎందుకంటే చంటిబిడ్డ తల్లి ఆమెకు నిజంగానే దగ్గరి స్నేహితురాలు. వేరే చోటి నుంచి వచ్చిన ఇన్‌చార్జ్ ఇదే నిర్ణయం తీసుకుంటే ఎవరూ అలా అని ఉండరు. పాత స్నేహాలున్న మనిషి సరైన పని చేసినా దానికి రుజువు చూపాల్సి వస్తుంది.

స్నేహితురాలు ఇచ్చింది అట్టబైండు వేసిన ఒక పొడుగాటి రిజిస్టరు. పుస్తకాల కొట్టులో దొరికే మామూలుదే, ఖరీదు కూడా తక్కువే. అయితే ఖాళీగా ఇవ్వలేదు. ఒక ఆదివారం వచ్చి కూర్చుని, స్కేలుతో గీతలు గీసింది. పేర్లు నిలువుగా, నెలలు అడ్డంగా ఒక పేజీ: ఎవరు ఏ నెలలో ఎన్ని రాత్రులు చేశారన్నది అందులో. తర్వాతి పేజీలో అవే పేర్లు, అడ్డంగా పండగలు: సంక్రాంతి, ఉగాది, రంజాన్, ఈస్టర్, బతుకమ్మ, దసరా, దీపావళి, క్రిస్మస్. పనిచేసినవాళ్ల గడిలో ఎర్ర చుక్క, సెలవు దొరికినవాళ్ల గడిలో నీలం చుక్క. మూడో పేజీ సెలవు అడిగిన తేదీకీ, ఇచ్చిన తేదీకీ, ఇవ్వలేకపోతే కారణానికీ. వార్డులో పాత రోస్టర్ల ఫైలు ఉంది. గోడకు అంటించి తీసేసిన కాగితాలే కాబట్టి వాటిలో రహస్యమేమీ లేదు. ఇద్దరూ కూర్చుని గడిచిన ఏడాది రోస్టర్లన్నీ ఆ గడుల్లోకి ఎక్కించారు. కానుక అంటే నా దృష్టిలో ఆ మధ్యాహ్నమే. రిజిస్టరు కొనడం ఎవరైనా చేస్తారు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, నిద్ర మానుకుని ఇంకొకరి వార్డు లెక్కలు రాసిపెట్టడం నిండు మనసుంటే తప్ప జరగదు.

అందులో ఒక జాగ్రత్త కూడా ఉంది. తప్పులు రాసుకునే పేజీ ఆమె గీయలేదు. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఎదురు చెప్పారు అని కొత్త ఇన్‌చార్జ్ ఒక పుస్తకంలో రాస్తోందని తెలిస్తే ఆ వార్డులో ఇక ఎవరూ నోరు విప్పరు. ఈ రిజిస్టరు నర్సింగ్ కౌంటర్ మీద అందరికీ అందేలా పెట్టాలని, ఎవరైనా తెరిచి తమ వరుస చూసుకోవచ్చని ముందే అనుకున్నారు. దాచిపెట్టిన లెక్క మీద అనుమానం వస్తుంది కదా.

డిసెంబరులో దాని అవసరం పడింది. క్రిస్మస్‌కు ఇద్దరు సెలవు అడిగారు. ఇచ్చే వీలు ఒకరికే ఉంది. ఒకరు అదే చంటిబిడ్డ తల్లి. ఇంకొకరు పెద్దగా మాట్లాడని సిస్టర్, అడగడానికే మొహమాటపడే మనిషి. ఇన్‌చార్జ్‌కు గుర్తున్నదల్లా పోయిన క్రిస్మస్‌కు తన స్నేహితురాలు డ్యూటీలో ఉందన్న సంగతి, ఎందుకంటే ఆ రోజు ఇద్దరూ కలిసే పనిచేశారు. రిజిస్టరు తీస్తే రెండో సిస్టర్ వరుసలో క్రిస్మస్ గడిలో ఎర్ర చుక్క, ఈస్టర్‌లో ఎర్ర చుక్క. స్నేహితురాలి వరుసలో క్రిస్మస్ ఎర్రగా ఉన్నా ఈస్టర్ నీలంగా ఉంది. సెలవు రెండో ఆవిడకు వెళ్లింది. స్నేహితురాలు నొచ్చుకుంది, కొన్నాళ్లు ముభావంగానే ఉంది. రిజిస్టరు ఆ బాధను ఆపలేకపోయింది. కానీ పేజీ చూశాక పక్షపాతమన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. మనకు దగ్గరివాళ్ల కష్టం మనకు బాగా గుర్తుంటుంది, ఎందుకంటే అది వాళ్లు మనకు చెప్పుకుంటారు. దూరంగా ఉన్నవాళ్ల కష్టం ఎక్కడో రాసి ఉంటే తప్ప కనబడదు.

ఆసుపత్రికి బదులు షాపింగ్ మాల్ అయితే ఆదివారాల వీక్లీ ఆఫ్, సాఫ్ట్‌వేర్ ఆఫీసు అయితే రాత్రి వచ్చే సపోర్టు కాల్స్. పాత తోటివాళ్ల మధ్య కొత్త అధికారి మొదట ఏది పంచాలో తెలుసుకుని, ఆ పంపకం లెక్కగా ఉండేందుకు సాయపడేది ఇస్తే అది రోజూ చేతిలో ఉంటుంది. స్నేహితుడి పని మనకు తెలియకపోతే అడగాలి: “నీ చేతిమీదుగా వాళ్లకు అందేది ఏమిట్రా?” అని.

ఆ స్నేహితురాలు ఇచ్చింది ఇంకొకటి ఉంది. ఆదివారం సాయంత్రం ఫోన్. ఇది కానుకలా కనిపించదు గానీ, ఇవ్వడంలో తేడా చేస్తే బాగా చెడు చేస్తుంది. కొత్త ఇన్‌చార్జ్ తన బాధ వార్డులో ఎవరికీ చెప్పుకోలేదు. పైవాళ్లకు చెబితే చేతకాలేదంటారు, కిందివాళ్లకు చెబితే ఒకరి మీద ఇంకొకరికి చెప్పినట్టవుతుంది. బయటి మనిషే కావాలి. అయితే ప్రేమున్న స్నేహితులు మన తరఫున మనకన్నా ఎక్కువగా మండిపడతారు. “వాళ్లకు నువ్వంటే కుళ్లు, కాస్త గట్టిగా ఉండు” అనేస్తారు. విన్న మనిషి ఆ కోపం మనసులో పెట్టుకుని మర్నాడు వార్డుకు వెళుతుంది, మామూలు ముఖంలో కూడా కుళ్లు చూస్తుంది. ఈ స్నేహితురాలు పేర్లు చెప్పొద్దంది. “ఒక సిస్టర్ ఇలా అంది” అంటే చాలు. తను సలహా అడిగితేనే చెప్పేది, లేకపోతే “ఆవిడ స్థానంలో నువ్వుంటే ఏమనుకునేదానివే?” అని ఒక్క మాట అడిగేది. ఆ సీనియర్ సిస్టర్‌తో ఇన్‌చార్జ్ విడిగా కూర్చుని, కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పే బాధ్యత ఆవిడను అడగాలన్న ఆలోచన అలాంటి ఒక ఫోన్‌లోనే పుట్టింది.

ఇంతవరకూ చెప్పింది బయటి స్నేహితుల సంగతి. ప్రమోషన్ వచ్చిన మనిషి కిందే మీరు పనిచేస్తుంటే మాత్రం ఖరీదైన వస్తువు వద్దు. మీ స్నేహం ఎంత పాతదైనా ఇప్పుడు మీ సెలవు, మీ రిపోర్టు ఆ చేతుల్లో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో 13వ నియమం కానుకల గురించే. స్నేహితుల కానుకల్లో కూడా అధికారిక వ్యవహారం లేని స్నేహితులను అది వేరు చేసి చూస్తుంది. మామూలుగా కలిసి చేసిన భోజనాన్ని మాత్రం కానుకగా లెక్కించదు. ప్రైవేటు ఆఫీసులకు వాటి నియమాలు ఉంటాయి, హెచ్‌ఆర్‌ను అడిగితే చెబుతారు. అందరి దగ్గరా చందా పోగు చేయడం ఇంకా ఇబ్బంది. ఆ కుర్చీ ఆశించి రాని మనిషి ముందు కవరు పట్టుకుని నిలబడటం ఎవరికీ మంచిది కాదు, ఇవ్వనంటే అసూయ అంటారు. ఒక చిన్న ఉత్తరం చాలు. “మొన్న ఆ పేషంటు వాళ్లు గొడవకు వస్తే నువ్వు ఎంత నెమ్మదిగా మాట్లాడావో చూశాను” అని, మీరు కళ్లారా చూసిన ఒక్క సంగతి రాసి విడిగా చేతికివ్వండి.

మన దగ్గర ప్రమోషన్ వస్తే పార్టీ ఇవ్వాల్సింది వచ్చినవాళ్లే. వార్డులో ఈ పార్టీ దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారేటప్పుడు సమోసాలు, టీ తెప్పిస్తే రెండు షిఫ్టుల వాళ్లూ ఉంటారు, రాత్రివాళ్లు ఉండరు. రాత్రి ఎనిమిదికి వేడివేడిగా ఇంకో విడత తెప్పించాలి, ఆ రోజు ఆఫ్‌లో ఉన్నవాళ్లకు మర్నాడు గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. మొదటి రోజే ఏదో ఒకటి ఇచ్చి తీరాలని మీకనిపిస్తే, ఆ రెండో విడత ఖర్చు మీరు పెట్టుకోండి.