దొంతరలో లెక్క

టిఫిన్ సెంటర్‌లో ఇద్దరు స్నేహితులు కూర్చుని ఆరు ప్లేట్ల దోసెలు తెప్పించుకున్నారు. ప్లేటు 45 రూపాయలు. ఆ వేళ ప్లేటుకి 5 రూపాయలు తగ్గింపు. బిల్లు ఇద్దరూ చెరి సగం. మొదటివాడు 500 నోటిచ్చి తన వాటా కట్టాడు. బయటికి రాగానే రెండోవాడు పాత బాకీ 20 రూపాయలు అతని చేతిలో పెట్టాడు. ఇప్పుడతని దగ్గర ఎంతుంది?

లెక్కల పుస్తకం దీన్ని ఒక్క వరుసలో రాస్తుంది.

```
500 - 6 * (45 - 5) / 2 + 20
```

బడిలో బాడ్‌మాస్ నేర్చుకున్నవాళ్ళెవరైనా జవాబు 400 అని చెప్పేస్తారు. కాని చెప్పే ముందు వాళ్ళ కన్ను ఆ వరుస మీద ఎలా తిరిగిందో గమనిస్తే తమాషాగా ఉంటుంది. 500 దగ్గర మొదలై, తీసివేత గుర్తు చూసి ఆగి, గుణకారాన్ని కూడా దాటేసి బ్రాకెట్‌లోకి దూరి, 40 పట్టుకుని వెనక్కి వచ్చి 6తో హెచ్చవేసి, మళ్ళీ ముందుకెళ్ళి సగం చేసి, అప్పుడు గాని 500 దగ్గరికి రాదు. మనిషి కంటికి మొత్తం వరుస ఒకేసారి కనిపిస్తుంది కాబట్టి ఈ ముందూ వెనకా పరుగు అలవాటైపోయింది. కంప్యూటర్ ఒక్కో అంకె, ఒక్కో గుర్తు చదువుకుంటూ పోతుంది. ‘500 -’ వరకూ చదివాక, తీసెయ్యాల్సింది 6 అవునో కాదో దానికి తెలిసే దారి లేదు.

ఇలా గుర్తు రెండు సంఖ్యల మధ్యన ఉండే రాతకి ఇన్‌ఫిక్స్ అని పేరు. 1920ల్లో పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకషేవిచ్ గుర్తుని సంఖ్యలకంటే ముందు రాసి చూపించాడు. అలా రాస్తే బ్రాకెట్ల అవసరమే ఉండదు. దాన్నే తిరగేసి గుర్తుని చివర పెడితే వచ్చేది పోస్ట్‌ఫిక్స్. దీనికి ‘రివర్స్ పోలిష్’ అనే పేరు అలా వచ్చింది. మన దోసెల లెక్క అందులో ఇలా ఉంటుంది.

```
500 6 45 5 - * 2 / - 20 +
```

మొదటిసారి చూసినవాళ్ళకి ఇది చెదిరిపోయిన కాగితంలా అనిపిస్తుంది. కాని తెలుగువాళ్ళకి ఇది కొత్తగా ఉండకూడదు. మనం ‘45లోంచి 5 తీసెయ్’ అంటాం. ‘240ని 2తో భాగించు’ అంటాం. ముందు సంఖ్యలు రెండూ చెప్పి, ఏం చెయ్యాలన్నది వాక్యం చివర చెబుతాం. క్రియ ఆఖర్న వచ్చే భాషలో పుట్టినవాళ్ళు కాగితం మీద గుర్తుని మధ్యలో పెట్టి రాస్తున్నా, నోటితో చెప్పేది మాత్రం పోస్ట్‌ఫిక్సే.

ఈ వరుసని విలువ కట్టడానికి కావలసింది ఒక దొంతర. అదే స్టాక్. కడిగిన పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే ఇదీ. కొత్తది పైనే పెట్టాలి, తియ్యాలన్నా పైనుంచే తియ్యాలి. సంఖ్య వస్తే దొంతర మీద పెట్టడం, గుర్తు వస్తే పైనున్న రెండింటినీ తీసి ఆ పని చేసి వచ్చినదాన్ని మళ్ళీ పైన పెట్టడం. నియమాలు ఈ రెండే. బ్రాకెట్లు లేవు, బాడ్‌మాస్ లేదు. కింది పట్టికలో దొంతర అడుగు ఎడమవైపు, పైభాగం కుడివైపు ఉన్నాయి.

```
చదివింది     దొంతర
500        500
6          500 6
45         500 6 45
5          500 6 45 5
-          500 6 40
*          500 240
2          500 240 2
/          500 120
-          380
20         380 20
+          400
```

500 ఎంతసేపు అడుగున ఓపిగ్గా కూర్చుందో చూడండి. మొట్టమొదట చదివింది అదే. దాని వంతు వచ్చింది మాత్రం తొమ్మిదో అడుగులో. ఇన్‌ఫిక్స్‌లో కన్ను చేసిన ముందూ వెనకా పరుగంతా ఇక్కడ ఆ నిరీక్షణగా మారింది.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఈ ప్రోగ్రామ్ రాసేటప్పుడు మామూలుగా కాలు జారే చోటు ఒకటుంది. దొంతరలోంచి ముందు బయటికొచ్చేది ఆఖర్న పెట్టిన సంఖ్య. అంటే 45, 5 పెట్టాక మొదట చేతికొచ్చేది 5. అది తీసివేతలో కుడిపక్క ఉండాల్సింది. అందుకే సి భాషలో ఇలా రాయాలి.

```
b = pop();
a = pop();
push(a - b);
```

పై రెండు వరుసలూ తారుమారైతే కూడికకీ గుణకారానికీ తేడా పడదు, అందుకే కూడికలతో పరీక్షించి సంతృప్తి పడినవాళ్ళకి ఈ తప్పు దొరకదు. అన్ని గుర్తులకీ అలాగే తారుమారైతే దోసెల లెక్క ఏమవుతుంది? 45లోంచి 5 పోవాల్సిందిపోయి 5లోంచి 45 పోయి -40 వస్తుంది. దాన్ని 6తో హెచ్చవేస్తే -240. తరవాత 240ని 2తో కాకుండా 2ని -240తో భాగిస్తుంది. సి భాష పూర్ణాంకాల భాగహారంలో అది సున్నా. సున్నాలోంచి 500 పోయి -500, దానికి 20 కలిపి -480. చేతిలో 400 ఉన్న మనిషి నెత్తిన 480 అప్పు పడుతుంది.

ఇదంతా పోస్ట్‌ఫిక్స్ చేతికొచ్చాక. మనిషి రాసేది ఇన్‌ఫిక్సే కాబట్టి దాన్ని మార్చేదెవరు? ఇక్కడా దొంతరే, కాకపోతే ఈసారి అందులో ఉండేవి గుర్తులు. 1960 ప్రాంతంలో ఆల్గాల్ 60 భాషకి కంపైలర్ కట్టే పనిలో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ పద్ధతి రూపొందించి, దానికి రైల్వే షంటింగ్ యార్డు పేరు పెట్టాడు. పోలిక చక్కగా కుదిరింది. సంఖ్యలు ఆగకుండా మెయిన్ లైన్ మీద నేరుగా అవతలికి వెళ్ళిపోయే వ్యాగన్లు. గుర్తులు పక్కనున్న మూసుకుపోయిన లైన్‌లోకి మళ్ళుతాయి. ఆ లైన్‌లోకి ఆఖర్న వెళ్ళిన వ్యాగనే ముందు బయటికి రాగలదు.

దోసెల లెక్కని ఆ యార్డులోకి వదిలి చూద్దాం. 500 నేరుగా అవతలికి వెళ్ళింది. తీసివేత పక్క లైన్‌లో చేరింది. 6 వెళ్ళిపోయింది. గుణకారం వచ్చింది. లైన్‌లో ముందున్న తీసివేత దానికంటే తక్కువ స్థాయిది కాబట్టి దాన్ని కదపకుండా గుణకారం దాని మీదే చేరింది. తరవాత తెరిచే బ్రాకెట్. అది మారుమాట లేకుండా లైన్‌లోకి వెళ్ళి అడ్డుగోడలా నిలబడుతుంది. దాని అవతల ఉన్నవాటిని తరవాత వచ్చేవి ఇక చూడవు. 45 వెళ్ళింది, లోపలి తీసివేత గోడకి ఇవతల నిలిచింది, 5 వెళ్ళింది. మూసే బ్రాకెట్ రాగానే గోడ వరకూ ఉన్నవన్నీ బయటికి పోవాలి. ఉన్నది తీసివేత ఒక్కటే, అది పోయింది. గోడని తీసి పారేశారు. బ్రాకెట్లు ఏవీ అవతలికి వెళ్ళవు.

ఇప్పటిదాకా అవతల చేరినవి 500 6 45 5 -. లైన్‌లో మిగిలినవి తీసివేత, దాని మీద గుణకారం.

భాగహారం వచ్చింది. దాని స్థాయీ గుణకారం స్థాయీ ఒకటే. సమానమైతే ముందొచ్చినవాడిదే వంతు, రేషన్ క్యూలో లాగా. గుణకారం బయటికి పోయింది, భాగహారం లోపలికొచ్చింది. 2 వెళ్ళింది. ఇక కూడిక. లైన్‌లో పైనున్న భాగహారం దానికంటే ఎక్కువ స్థాయిది కాబట్టి బయటికి. అక్కడితో ఆగకూడదు. దాని కింద ఉన్న తీసివేత కూడికతో సమానం కాబట్టి అదీ బయటికి. అప్పుడే కూడికకి చోటు. 20 వెళ్ళింది. వరుస అయిపోయింది కాబట్టి మిగిలిన కూడికని కూడా పంపేస్తే, పైన రాసిన పోస్ట్‌ఫిక్స్ అచ్చంగా అదే.

ఆ ‘సమానమైనా బయటికే’ అన్న నియమాన్ని ‘ఎక్కువైతేనే బయటికి’ అని రాస్తే ఏమవుతుందో చెప్పుకోవాలి. తీసివేత లోపలే ఉండిపోతుంది, కూడిక దాని మీద చేరి ముందుగా బయటికొస్తుంది. అప్పుడు 120కి 20 కలిసి 140, అది 500లోంచి పోయి 360. స్నేహితుడు తిరిగిచ్చిన బాకీ కూడా ఖర్చుగా లెక్కలోకి వెళ్ళిపోయిందన్నమాట. జవాబు నమ్మదగినట్టే కనిపిస్తుంది, అదే దీనితో చిక్కు. ఘాతాలకి మాత్రం ఈ నియమం తిరగబడుతుంది. `2 ^ 3 ^ 2` అంటే లెక్కల ఆనవాయితీలో 2కి 9వ ఘాతం, 512. అక్కడ సమానమైనప్పుడు బయటికి పంపితే 8కి వర్గం, 64 వస్తుంది.

తప్పు రాసిన వరుసల్ని దొంతర చాలావరకు తనే పట్టిస్తుంది. మూసే బ్రాకెట్ వచ్చాక వెనక్కి చూస్తే గోడ లేకపోయినా, అంతా అయ్యాక గోడ మిగిలిపోయినా బ్రాకెట్లు సరిపోలేదని అర్థం. విలువ కట్టేటప్పుడు గుర్తుకి రెండు సంఖ్యలు దొరక్కపోతే ఎక్కడో సంఖ్య తగ్గింది. చివర్న దొంతరలో ఒకటికంటే ఎక్కువ మిగిలితే గుర్తు తగ్గింది. కాని ఎవరైనా ఇన్‌ఫిక్స్ అనుకుని `3 4 +` అని రాస్తే ఈ యార్డు గుడ్డిగా దాటించేసి 7 అని చెబుతుంది. సంఖ్య తరవాత గుర్తు, గుర్తు తరవాత సంఖ్య వస్తున్నాయా అని విడిగా చూసుకోవాలి.

లైనక్స్ ఉన్నవాళ్ళు దీన్ని టెర్మినల్‌లో ఇప్పుడే చూడొచ్చు. `dc` అనే చిన్న క్యాలిక్యులేటర్‌కి పోస్ట్‌ఫిక్స్ తప్ప మరొకటి రాదు.

```
dc -e "500 6 45 5 - * 2 / - 20 + p"
```

400 అని చూపిస్తుంది. చివరి `p` దొంతర పైనున్నదాన్ని చూపించమనే మాట.

చేత్తో పట్టుకుని చూడాలంటే హెచ్‌పీ క్యాలిక్యులేటర్లున్నాయి. 1972లో వచ్చిన హెచ్‌పీ-35కి ‘సమానం’ మీట లేదు, దాని బదులు ENTER ఉండేది. 1981లో వచ్చిన హెచ్‌పీ-12సీ కూడా ఆ పద్ధతిదే. వీటి దొంతర నాలుగంతస్తులే. దోసెల లెక్కలో 500, 6, 45, 5 ఎక్కాక నాలుగూ సరిగ్గా నిండిపోతాయి. ఆ 5 రూపాయల తగ్గింపు హోటల్ వాళ్ళది 3, పండగది 2 అని విడగొట్టి, 500 6 45 3 2 అని వరసగా నొక్కారనుకోండి. ఐదోది ఎక్కేసరికి అడుగునున్న 500 చప్పుడు లేకుండా జారిపోతుంది. క్యాలిక్యులేటర్ తప్పు అనదు. పైవి ఖర్చవుతున్నకొద్దీ అడుగున మిగిలిన 6నే మళ్ళీ మళ్ళీ నకలు తీసుకుంటుంది, చివరికి 6లోంచి 120 తీసేసి, 20 కలిపి, -94 చూపిస్తుంది.

వాడినవాళ్ళు అందుకే ఎడమనుంచి మొదలుపెట్టరు, అన్నిటికంటే లోపలి బ్రాకెట్ పట్టుకుంటారు. 3కి 2 కలిపి, 45 నొక్కి, పై రెండింటినీ తారుమారు చేసే మీట నొక్కి తీసేస్తే 40. దాన్ని 6తో హెచ్చవేసి 2తో భాగించి, అప్పుడు 500 నొక్కి, మళ్ళీ తారుమారు చేసి తీసేసి, 20 కలుపుతారు. మొత్తం లెక్కలో రెండంతస్తులకి మించి ఎక్కడా అవసరం పడదు.